స్క్రూ తిరుగుతోంది, పట్టడం లేదు

వార్డ్‌రోబ్ తలుపు పై అంచు పక్క తలుపుకు రాసుకుంటోంది, కింది మూల నేలపట్టీని గీస్తోంది. తెరిచి లోపలికి చూస్తే పై బందు ప్లేటు పక్కచెక్క నుంచి వెంట్రుకవాసి ఎడంగా ఉంది. స్క్రూడ్రైవర్ తెచ్చి బిగిద్దామంటే స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా బిగుసుకోదు. గోటితో పట్టి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. దాని చుట్ల మధ్య పిండిలాంటి చెక్కపొట్టు అంటుకుని ఉంటుంది. ‘స్క్రూ పట్టడం లేదు సార్, బోర్డు పోయింది, తలుపు మార్చాలి’ అనే మాట కార్పెంటర్ నోట చాలాసార్లు వినిపించేది ఈ దశలోనే. బోర్డు నిజంగా పోయిన సందర్భాలు లేకపోలేదు. చాలా ఇళ్లలో మాత్రం పోయింది బెజ్జం ఒక్కటే. నాలుగు అగ్గిపుల్లలతోనో, వేలెడంత చెక్క డోవెల్‌తోనో, కొంచెం తెల్ల జిగురుతోనో దాన్ని మళ్లీ నిలబెట్టవచ్చు. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియాలంటే ముందు ఆ బెజ్జంలో ఏం జరిగిందో చూడాలి.

స్క్రూను పట్టుకునేది దాని ఇనుము కాదు, చుట్టూ ఉన్న చెక్క. స్క్రూ దిగేటప్పుడు దాని చుట్లు చెక్కలో సన్నటి గాడి కోసుకుంటూ పోతాయి. గాడికీ గాడికీ మధ్య మిగిలిన చెక్క గట్టులా నిలిచి స్క్రూను వెనక్కి రానివ్వదు. ఆ గట్లు నలిగి పొడైతే లోపల మిగిలేది నున్నటి గొట్టం. అందులో స్క్రూ తిరుగుతుంది గానీ దేన్నీ పట్టుకోదు. బందు ప్లేట్లకు మన దగ్గర ఎక్కువగా వాడే స్క్రూ 3.5 మి.మీ. లావు, 16 మి.మీ. పొడవు ఉంటుంది. దాని నడిమి కాడ రెండు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. అంటే చుట్టు ఒక్కో వైపు చెక్కలోకి చొచ్చుకుపోయేది అర మిల్లీమీటరు పైచిలుకే. తలుపంతా ఆధారపడేది ఆ అర మిల్లీమీటరు మీదే.

అది ఎంత తొందరగా నలిగేదీ బోర్డును బట్టి ఉంటుంది. పాత ఇళ్లలో గోడ అలమరకు టేకు తలుపులు, ఇత్తడి బందులు ఉండేవి. టేకులో పోగు పొడవుగా, దట్టంగా ఉంటుంది కాబట్టి స్క్రూ దశాబ్దాల పాటు పట్టు వదలదు. ప్లైవుడ్‌లో పలచటి చెక్క పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి ఉంటాయి, అదీ బాగానే పడుతుంది. ఫ్యాక్టరీలో తయారై వచ్చి ఫ్లాట్లలో బిగించే వార్డ్‌రోబ్‌లలో చాలావాటికి వాడేది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పెచ్చుల్ని రసాయన జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. పై పొరలో సన్నటి పొట్టు గట్టిగా నొక్కి ఉంటుంది. నడుమ భాగంలో మాత్రం పెద్ద పెచ్చులు వదులుగా ఉంటాయి. స్క్రూ సగానికి పైగా దిగేది ఆ వదులు భాగంలోనే. పైగా ఆ పెచ్చుల్ని పట్టి ఉంచే జిగురుకు తడి పడదు. స్నానాలగది గోడకు ఆనించి పెట్టిన వార్డ్‌రోబ్‌లో చెమ్మకు పెచ్చులు ఉబ్బి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఆరాక కూడా అవి మళ్లీ కలుసుకోవు.

తలుపు బరువుకే బెజ్జం పోయిందని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే అలా కనిపించదు. ఏడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న పార్టికల్ బోర్డు తలుపు దాదాపు 12 కిలోలు తూగుతుంది. ఆ బరువు సగటున బందు నుంచి ముప్పావు అడుగు దూరంలో వేలాడుతుంది. పై బందుకూ కింది బందుకూ నడుమ ఆరడుగుల దూరం ఉంటే, తలుపు వాలడం వల్ల పై బందును బయటికి లాగే బలం ఒకటిన్నర కిలోలే. ఇక కిందికి దిగే బరువు నాలుగు బందులు పంచుకుంటే ఒక్కోదానికి మూడు కిలోలు. మామూలు స్క్రూలకు ఇదొక లెక్క కాదు.

బెజ్జాన్ని చంపేది తలుపును దాని హద్దు దాటి తెరవడం. ఈ రకం బందులు సాధారణంగా 100 నుంచి 110 డిగ్రీల దాకా తెరుచుకుని ఆగిపోతాయి. ఆగిన తర్వాత పిడి దగ్గర ఇంకా నెట్టామనుకోండి, లేదా తెరిచిన తలుపుకు మంచం కోడు అడ్డుపడిందనుకోండి, తలుపు పొడవాటి మీటగా మారిపోతుంది. పిడి బందుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ప్లేటు చెక్కను పట్టుకుని ఉన్నది మూడు నాలుగు సెంటీమీటర్ల మేరే. చేతితో నాలుగు కిలోల బలంతో నెడితే ప్లేటును పెకలించే బలం దానికి పది రెట్లు, అంటే 40 కిలోల దాకా అవుతుంది. నాలుగు బందులూ గట్టిగా ఉంటే అది పంచబడుతుంది. మిగతావి వదులై ఒక్కటే బిగుతుగా ఉంటే మొత్తం దాని నెత్తిన పడుతుంది. పిల్లలు తెరిచిన తలుపు పట్టుకుని ఊగడం, బరువైన తడి తువ్వాళ్లు తలుపు కొసకు వేలాడదీయడం కూడా ఇలాంటివే. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ ఒప్పుకోరు. బిగించేటప్పుడే డ్రిల్ మిషన్‌తో ఒక్క ఊపున తిప్పేస్తారు. స్క్రూ తల ప్లేటుకు ఆనిన తర్వాత కూడా మిషన్ అరచుట్టు ఎక్కువ తిరిగితే గట్లన్నీ అప్పుడే కోసుకుపోతాయి. తలుపు కొత్తగా ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడదు.

తలుపు వాలిందంటే బెజ్జమే పోయిందని తీర్మానించకూడదు. తలుపును సగం తెరిచి, పిడి ఉన్న అంచును చేత్తో కొద్దిగా పైకి లేపి వదులుతూ బందు వైపు చూడండి. పక్కచెక్కకు అంటుకుని ఉన్న ప్లేటు కదులుతుంటే బెజ్జం పోయినట్టు. ప్లేటు కదలకుండా దాని మీది చేయి మాత్రమే ఆడుతుంటే చేయిని ప్లేటుకు పట్టి ఉంచే స్క్రూ వదులైంది, దాన్ని బిగిస్తే చాలు. రెండూ కదలకుండా తలుపు మాత్రం వంకరగా ఉంటే అది సర్దుబాటు స్క్రూల వ్యవహారం. ఈ బందుల్లో తలుపును పక్కకూ, ముందుకూ వెనక్కూ జరిపేందుకు విడిగా స్క్రూలు ఉంటాయి. ఎత్తు మార్చుకోవడానికి ప్లేటు బెజ్జాల్ని కోలగా చేసి ఉంచుతారు. నాలుగోది, తలుపు వెనుక గుండ్రంగా దిగి ఉండే గిన్నె కదలడం. దాని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది కొంచెం మొండి కేసు.

ఇప్పుడు మరమ్మతు. దీనికంతటికీ ఒకే ఒక్క సూత్రం ఉంది. తెల్ల జిగురు స్క్రూను పట్టుకోదు. చెక్కే పట్టుకోవాలి. జిగురు చేసేదల్లా మనం కొత్తగా పెట్టిన చెక్కను పాత బోర్డులో భాగం చేయడం. ఖాళీ బెజ్జంలో జిగురు నింపి స్క్రూ దించేవాళ్లుంటారు. తెల్ల జిగురులో సగం నీళ్లే. నీళ్లు ఆరగానే అది కుంచించుకుని గోడలకు పలచటి పొరలా అంటుకుంటుంది, నడుమ మళ్లీ ఖాళీయే. రంపపు పొట్టు కలిపి ముద్దగా కూరడం ఆ పద్ధతికి తమ్ముడు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ పొట్టుకు పోగు ఉండదు, స్క్రూ మొదటి లాగుడుకే మళ్లీ పొడి. గోడలకు వాడే ప్లాస్టిక్ గట్టాలు కొట్టేవాళ్లూ ఉన్నారు. అవి ఇటుకలో, కాంక్రీటులో ఉబ్బి పట్టుకోవడానికి చేసినవి. పొడిబారిన పార్టికల్ బోర్డులో అవి ఉబ్బితే చుట్టూ ఉన్న మిగతా పెచ్చుల్ని కూడా నలిపేస్తాయి.

పొడవాటి స్క్రూ వేస్తే సరిపోదా అని అడుగుతారు. 18 మి.మీ. పక్కచెక్కలో 16 మి.మీ. స్క్రూ, ప్లేటు మందం పోను, ఇప్పటికే 14 మి.మీ. దాకా దిగి ఉంది. 25 మి.మీ. స్క్రూ వేస్తే మొన అవతలి అరలోకి పొడుచుకొస్తుంది, అక్కడ పట్టుచీర ఉంటే ఇంట్లో గొడవే. లావు స్క్రూ కొంత మెరుగు. 4 మి.మీ. స్క్రూ తల ప్లేటు గుంటలో సరిగ్గా కూర్చుంటే, బెజ్జం కొద్దిగానే వదులైతే, అదొక్కటే చాలవచ్చు. తల పైకి తేలితే మాత్రం బందు చేయి దానికి తగిలి సరిగ్గా కూర్చోదు.

అగ్గిపుల్లలతో మొదలుపెడదాం. ఇవి బాగా పనిచేసేది టేకు, ప్లైవుడ్ వంటి వాటిలో, బెజ్జం గుండ్రంగానే ఉండి నాలుగైదు మిల్లీమీటర్లకు మించనప్పుడు. అగ్గిపుల్లకు వాడేది మెత్తటి తేలిక చెక్క. జిగురును బాగా పీల్చుకుంటుంది, స్క్రూ చుట్లు అందులోకి ఒదిగి దిగుతాయి. ఆ మెత్తదనమే ఇక్కడ మంచి గుణం. కొబ్బరి ఈనె గట్టిగా ఉంటుంది కదా, అది మేలేమో అనిపిస్తుంది. దాని నున్నటి పైతోలు మీద జిగురు నిలవదు. వెదురు పుల్లలదీ కొంతవరకు ఇదే ఇబ్బంది, తోలు గీరితే తప్ప. మైనపు అగ్గిపుల్లలు అసలు వద్దు, వాటిలో కాడే మైనం. చెక్క అగ్గిపుల్లకు కూడా మంట అందుకోవడానికి మందు వైపు కొస కొంచెం మైనంలో ముంచి ఉంటుంది. అందుకని మందుతోపాటు దాని కింద ఇంకో సెంటీమీటరు కూడా కోసి పారేయాలి. మందు గీసుకోకుండా కత్తెరతో నెమ్మదిగా, మిగతా పెట్టెకు దూరంగా కోస్తే మంచిది.

తలుపు మొత్తం దించాలా? ఒక్క బందు ప్లేటే వదులైతే అక్కర్లేదు. తలుపు కింద పాత పత్రికలు సరిగ్గా ఎత్తు వచ్చేలా పేర్చి బరువు వాటి మీద ఆనించి, ఆ ఒక్క బందు చేయిని ప్లేటు నుంచి విడదీసి, ప్లేటు తీస్తే సరిపోతుంది. రెండు మూడు బందులు పోయుంటే దించడమే నయం. ఇద్దరు మనుషులు కావాలి. కింది బందు నుంచి పైకి విప్పుకుంటూ రావాలి, చివర్లో పై బందు. ఎక్కించేటప్పుడు పై బందు ముందు.

ప్లేటు తీశాక బెజ్జంలో పొడిని ఊది, సన్నటి బ్రష్షుతోనో దబ్బనంతోనో గీకి బయటికి తేవాలి. పొడి మీద పడిన జిగురు పొడినే అంటుకుంటుంది, బోర్డును అంటుకోదు. చాలా మరమ్మతులు నెలలోపే విఫలమయ్యేది ఇక్కడే. జిగురు లేకుండా ముందు పుల్లలు దూర్చి చూసుకోవాలి. పుల్ల రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి 4 మి.మీ. బెజ్జంలో రెండో మూడో, 5 మి.మీ. దాంట్లో మూడో నాలుగో పడతాయి. వేలితో నొక్కితే దిగనంత బిగుతు వచ్చాక ఆపాలి. సుత్తితో కొట్టి ఇంకోటి ఇరికిస్తే లోపలి పొరలు చీలి, పైన మైకా బుడిపెలా లేస్తుంది.

సరిపోయాయనుకున్నాక పుల్లలు బయటికి తీసి, బెజ్జంలో రెండు చుక్కల జిగురు వేసి, పుల్లతో లోపలి గోడలంతా పూయాలి. పుల్లలకు కూడా పూసి ఒక్కొక్కటే దించి, చివరిదాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టాలి. బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడిచేయాలి. ఆరాక అది మైకా మీద మరకై కూర్చుంటుంది. పొడుచుకొచ్చిన పుల్లల్ని అప్పుడే విరిచేయకండి. విరిస్తే అవి బెజ్జం లోపలే తెగుతాయి. జిగురు గట్టిపడ్డాక పదునైన బ్లేడుతో పలక మట్టానికి కోయాలి.

ఎంతసేపు ఆరనివ్వాలన్న దగ్గర అందరికీ తొందరే. గంటలో ముట్టుకుంటే ఆరినట్టుంటుంది. అది పైపొర సంగతి. లోపల ఉన్న నీళ్లు రెండువైపులా మైకా ఉన్న బోర్డులో నుంచి మెల్లగానే పోతాయి. ఒక రోజు పూర్తిగా వదలాలి, వానాకాలంలో రెండు రోజులు. తడి మీదే స్క్రూ దించేస్తే జిగురు కందెనలా పనిచేసి పుల్లలు స్క్రూతోపాటే గిర్రున తిరుగుతాయి. అలా చేసి కూడా తలుపు నిలబడ్డ ఇళ్లు నేను చూశాను. బెజ్జం చిన్నదై, పుల్లలు బాగా బిగుతుగా ఉండడం వల్ల అది నడిచింది, జిగురు వల్ల కాదు.

ఆరాక ప్లేటు పెట్టి, బెజ్జం సరిగ్గా మధ్యలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడ దబ్బనంతో గానీ 2 మి.మీ. బిట్టుతో గానీ చిన్న దారి చేయాలి. దారి లేకుండా స్క్రూ తోస్తే అది పుల్లల మధ్య మెత్తటి సందు వెతుక్కుని పక్కకు పోతుంది, ప్లేటునూ అటే లాక్కుపోతుంది. మిషన్ పక్కన పెట్టి చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి. మొదటి రెండు చుట్లలోనే తేడా చేతికి తెలుస్తుంది. అంతకుముందు ఏమీ పట్టనట్టు తిరిగిన స్క్రూ ఇప్పుడు మణికట్టును ఎదిరిస్తుంది. తల ప్లేటుకు ఆనాక ఇంకొక్క చిన్న మెలిక, అంతే.

ఇక పార్టికల్ బోర్డు. ఇందులో అగ్గిపుల్లలు పెడితే కొన్నాళ్లు నడుస్తుంది కానీ నేను సిఫారసు చేయను. కారణం చెబుతాను. అక్కడ బెజ్జం గోడే వదులు పెచ్చులతో ఉంది. పుల్లలు ఆ వదులు పెచ్చులకే అంటుకుంటాయి, లాగుడు వచ్చినప్పుడు పుల్లలూ పెచ్చులూ జిగురూ స్క్రూ అన్నీ కలిసి ముద్దగా ఊడొస్తాయి. అలా ఊడిన ముద్దను చూసి జిగురు మంచిది కాదని తిడతారు. జిగురు తన పని బాగానే చేసింది, అది అంటుకున్న గోడే నిలవలేదు. కాబట్టి నలిగిన భాగాన్ని పూర్తిగా తీసేసి, గట్టి బోర్డు తగిలేదాకా బెజ్జాన్ని పెద్దది చేసి, అక్కడ అసలైన చెక్కముక్క అంటించాలి. డోవెల్ చేసే పని ఇది. హార్డ్‌వేర్ దుకాణాల్లో 8 మి.మీ. లావు, 30 లేదా 40 మి.మీ. పొడవున్న, ఒంటి మీద నిలువు గీతలున్న చెక్క డోవెల్‌లు దొరుకుతాయి.

పైన లెక్క వేసిన ఏడడుగుల తలుపునే తీసుకుందాం. పై బందు ప్లేటు ఊడింది, దాని రెండు బెజ్జాలూ 5 మి.మీ. దాకా పెరిగాయి. ఈ ప్లేట్లలో రెండు స్క్రూలు ఒకదాని కింద ఒకటి 32 మి.మీ. దూరంలో ఉంటాయి. రెండుచోట్లా 8 మి.మీ. బెజ్జం వేసినా నడుమ 24 మి.మీ. గట్టి బోర్డు మిగులుతుంది, భయం లేదు. బోర్డు మందం 18 మి.మీ. కాబట్టి లోతు 12 మి.మీ. దగ్గర ఆపాలి. బిట్టు మొన ఇంకో రెండు మిల్లీమీటర్లు ముందుకు పోతుంది, ఆపైన నాలుగు మిగులుతాయి. బిట్టుకు 12 మి.మీ. దగ్గర రంగు టేపు చుట్టుకుంటే కంటికి ఆనవాలు ఉంటుంది. ఒక్క క్షణం ఏమరితే అవతలి అరలో రంధ్రం తేలుతుంది, దానికి మరమ్మతు లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చెక్కబిట్టు మధ్యలో ఉండే మొన చెక్కలో గుచ్చుకుని బిట్టును నిలబెట్టాలి. పాత బెజ్జం ఉన్నచోట ఆ మొనకు గుచ్చుకునే చెక్కే లేదు. బిట్టు ఊగి బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది, అందులో గుండ్రటి డోవెల్ వదులుగా ఉంటుంది. దీనికి కార్పెంటర్లు చేసే ఉపాయం తేలికైనది. చిన్న ప్లైవుడ్ ముక్కకు ముందే 8 మి.మీ. రంధ్రం వేసి, దాన్ని పాత బెజ్జం మీద సరిగ్గా కూర్చోబెట్టి క్లాంపుతో బిగించి, ఆ రంధ్రంలోంచి బిట్టును పంపుతారు. బిట్టు ఇక అటూ ఇటూ పోలేదు. లోతు కొలిచేటప్పుడు ఆ ముక్క మందం కూడా కలుపుకోవడం మరచిపోవద్దు.

బెజ్జంలో పొడి లేకుండా చేసి, డోవెల్ ఒక కొసను ఉప్పుకాగితంతో కొంచెం సన్నం చేసి, బెజ్జం గోడలకూ డోవెల్‌కూ జిగురు పూసి మెల్లగా తట్టుతూ దించాలి. డోవెల్ మీది నిలువు గీతలు అందానికి కావు. అడుగు మూసుకుపోయిన బెజ్జంలో డోవెల్ దిగేటప్పుడు గాలీ జిగురూ బయటికి రావడానికి దారి కావాలి. నున్నటి పుల్ల వాడితే ఒక వైపు కాస్త చెక్కి ఆ దారి మనమే చేయాలి, లేకపోతే లోపల నొక్కుకున్న జిగురు బోర్డునే చీల్చవచ్చు. జిగురు ఎక్కువ పోయడం కూడా ఇందుకే ప్రమాదం, దానికి తోడు ఆ తడికి పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది. ఆరిన తర్వాత పైకి మిగిలిన డోవెల్‌ను హాక్‌సా బ్లేడుతో కోయాలి. మైకా గీసుకోకుండా మధ్యలో రంధ్రం చేసిన అట్టముక్కను డోవెల్‌కు తొడిగి కోస్తే, మిగిలే పలుచని అంచును ఉలితో మట్టం చేయవచ్చు.

ఇంతా చేస్తే లాభం ఎంత? 3.5 మి.మీ. స్క్రూ 12 మి.మీ. లోతులో చుట్టూ తాకే బోర్డు వైశాల్యం సుమారు 130 చదరపు మి.మీ. అదే లోతులో 8 మి.మీ. డోవెల్ గోడ సుమారు 300. పట్టు చూపించాల్సిన బోర్డు రెట్టింపుకు మించింది, అదీ నలగని బోర్డు. డోవెల్ అడుగు కూడా అంటుకుంటుంది, అది అదనం.

అయితే డోవెల్‌కు ఒక బలహీనత ఉంది. దాని పోగులు నిలువునా ఉంటాయి, స్క్రూ కూడా అటే దిగుతుంది. పోగుకు అడ్డంగా దిగే స్క్రూకున్నంత పట్టు పోగు వెంట దిగేదానికి ఉండదు, పైగా చెక్క నిలువునా చీలే ప్రమాదం ఉంది. అందుకే ఇందులో 2 మి.మీ. దారి చాలదు, 2.5 మి.మీ. బిట్టుతో స్క్రూ లోతు మేర చేయాలి, అదీ నట్టనడుమ. అంచుకు జరిగితే డోవెల్ చీలి శ్రమంతా వృథా. స్క్రూ చుట్లకు కొంచెం మైనమో సబ్బో రాస్తే తేలిగ్గా దిగుతుంది. కొన్ని ఫ్యాక్టరీ వార్డ్‌రోబ్‌లలో ప్లేటుకు 3.5 మి.మీ. స్క్రూలకు బదులు 6 మి.మీ. పైబడిన పొట్టి లావు స్క్రూలు ఉంటాయి. వాటికి 8 మి.మీ. డోవెల్ చాలదు, చుట్టూ పలచటి గోడే మిగులుతుంది. అక్కడ 10 మి.మీ. డోవెల్ వేయాలి, లేదా 8 మి.మీ.తోనే సరిపెట్టి ప్లేటు గుంటకు సరిపడే సన్నటి స్క్రూకు మారాలి.

తలుపు ఎక్కించకముందే ప్లేటును వేళ్లతో పట్టి అటూ ఇటూ ఊపి చూడండి. వెంట్రుక కదలిక కూడా ఉండకూడదు. ఎక్కించాక మిగతా బందుల స్క్రూలన్నిటినీ చేత్తో ఒకసారి తాకి చూడాలి. ఒకటి పోయిందంటే ఆ భారం కొన్నాళ్లుగా పక్కవి మోస్తున్నట్టే. ముందుముందు ఏ స్క్రూ తీసి పెట్టాల్సి వచ్చినా బెజ్జంలో ఉంచి ముందు ఎడమవైపు మెల్లగా తిప్పండి. ఒకచోట ‘టిక్’మని కొంచెం కిందికి దిగుతుంది. స్క్రూ పాత గాడిలో పడినట్టు అది గుర్తు. అక్కడినుంచి కుడివైపు తిప్పితే అదే గాడిలో నడుస్తుంది. అలా చూసుకోకపోతే ప్రతిసారీ కొత్త గాడి కోసుకుంటూ పాత గట్లను తెంపేస్తుంది.

చివరికి గిన్నె వైపు. తలుపు వెనుక 35 మి.మీ. వెడల్పున, 12 మి.మీ. పైచిలుకు లోతున గుంట తొలిచి గిన్నె దించుతారు. అక్కడ తలుపులో మిగిలేది అయిదారు మిల్లీమీటర్లే. ఆ గుంటకు రెండు పక్కలా ఉండే స్క్రూ బెజ్జాలు పోతే, చుట్టూ బోర్డు చీలకుండా ఉన్నంతవరకు పైన చెప్పిన డోవెలే వేయవచ్చు. లోతు మాత్రం 12 మి.మీ. దాటకూడదు, తలుపు ముందువైపు మైకా మీద బుడిపె కనపడితే అందరి కళ్లూ అక్కడే. గుంట అంచు నుంచి తలుపు అంచు దాకా పగులు పడితే మాత్రం పుల్లలు, డోవెల్‌లు దాన్ని కాపాడలేవు. పగులులోకి జిగురు పంపి క్లాంపు వేసినా అది మళ్లీ తెరుచుకుంటుంది. అలాంటప్పుడు బందు మరమ్మతు ప్లేటని స్టీలు రేకు ఒకటి దొరుకుతుంది, గిన్నె దిగేంత ఖాళీ దానికి ఉంటుంది. పగిలిన భాగం దాటి గట్టి బోర్డులో స్క్రూలు పడేలా అది అమరుతుంది. అదీ కుదరకపోతే బందునే పది సెంటీమీటర్లు పైకో కిందికో జరిపి తలుపులో కొత్త గుంట తొలవాలి, పక్కచెక్కలో ప్లేటునూ అంతే జరపాలి. ఆ గుంట తొలిచే 35 మి.మీ. బిట్టు ఇళ్లలో ఉండదు కాబట్టి ఆ పని కార్పెంటర్‌దే. అతన్ని పిలిచే ముందు బోర్డును బొటనవేలితో నొక్కి చూడండి. గోరు దిగేంత మెత్తగా ఉండి, అంచు మందం మిగతాచోట్ల కన్నా ఎక్కువగా కనిపిస్తే నీళ్లు తాగిన బోర్డు అది. దానిలో ఎక్కడికి జరిపినా స్క్రూ పట్టదు, ముందు ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసుకుని, తర్వాత పలక మార్చుకోవాలి.